త్రికోణమితీయ సమీకరణాల సాధారణ సాధన

తెలియని కోణం సైన్, కొసైన్, టాంజెంట్ వంటి త్రికోణమితీయ ప్రమేయాలలో ఇమిడి ఉన్న సమీకరణాన్ని త్రికోణమితీయ సమీకరణం అంటారు. అటువంటి సమీకరణాన్ని తృప్తిపరచే కోణాలన్నిటినీ, అవి ఎన్ని చుట్ల అవతల ఉన్నా సరే, ఒకే సూత్రంలో తెలిపేదాన్ని ఆ సమీకరణం యొక్క సాధారణ సాధన అంటారు. వర్గ సమీకరణానికి రెండుకు మించి మూలాలు ఉండవు. త్రికోణమితీయ సమీకరణం అలా కాదు. దానికి ఒక్క సాధన ఉన్నదంటే అనంతంగా ఉన్నట్టే, ఎందుకంటే ఈ ప్రమేయాలు ఆవర్తన ప్రమేయాలు. సైన్, కొసైన్‌లు 2π రేడియన్లకు ఒకసారి, అనగా 360°కి ఒకసారి, టాంజెంట్ π రేడియన్లకు ఒకసారి తమ విలువలను తిరిగి పొందుతాయి.

ఉభయ తెలుగు రాష్ట్రాలలో ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం విద్యార్థులు ఈ విషయాన్ని గణితశాస్త్రం I-A లో దశాబ్దాలుగా చదువుతూ వచ్చారు. సూత్రాలు మూడే కనుక వాటిని కంఠస్థం చేయడం సులభమే. కాని 0° నుండి 360° వరకు ఉన్న జవాబులు చాలవా, మిగిలినవి దేనికి అనే సందేహం అలాగే ఉండిపోతుంది. నల్గొండ జిల్లా మిర్యాలగూడలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చే రోజుల లెక్క ఈ సందేహాన్ని తీర్చగల మంచి ఉదాహరణ. అందుచేత ఈ వ్యాసంలో ఆ లెక్కనే ఆధారంగా తీసుకోవడమైనది.

మిర్యాలగూడలో నీడ లేని రోజు

కర్కట రేఖకు, మకర రేఖకు నడుమ ఉన్న ప్రతి ఊరిలోను సంవత్సరానికి రెండు రోజులు మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వస్తాడు. ఆ క్షణంలో నిటారుగా నాటిన కర్రకు పక్కకు పడే నీడ ఉండదు. వార్తాపత్రికలు జీరో షాడో డే అని రాసేది ఈ రోజునే. హైదరాబాదులో ఇది మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరొకసారి వస్తుంది.

సూర్యుడు ఖగోళ మధ్యరేఖకు ఎంత ఉత్తరంగా లేదా దక్షిణంగా ఉన్నాడో తెలిపే కోణాన్ని క్రాంతి అంటారు. ఒక ఊరి అక్షాంశానికి సూర్యుని క్రాంతి సమానమైన రోజున ఆ ఊరిలో సూర్యుడు నడినెత్తికి వస్తాడు. క్రాంతిని δ అని, భూమి అక్షపు వంపును ε అని, మార్చి విషువత్తు నుండి సూర్యుడు క్రాంతివృత్తంపై కదిలిన కోణాన్ని λ అని అనుకుంటే, వీటి మధ్య సంబంధం ఇది.

sin δ = sin ε · sin λ

ఈ సంబంధం భారతీయ సిద్ధాంత గ్రంథాలలోను ఉన్నది. వారు ε విలువను పరమ క్రాంతి అన్నారు, దానిని 24°గా తీసుకున్నారు. ప్రస్తుతపు విలువ సుమారు 23.44°. ఇక్కడ λ ను సాయన పద్ధతిలో, అంటే విషువత్తు నుండి కొలుస్తున్నామని గుర్తుంచుకోవాలి. మన పంచాంగాలలోని నిరయన సూర్య స్ఫుటం దీనికంటే సుమారు 24° తక్కువగా ఉంటుంది. పంచాంగంలోని అంకెను ఉన్నదున్నట్టు ఇందులో వేస్తే జవాబు దాదాపు మూడున్నర వారాలు తప్పుతుంది.

మిర్యాలగూడ అక్షాంశం సుమారు 16.87°. δ స్థానంలో దీనిని ప్రతిక్షేపిస్తే

sin λ = sin 16.87° / sin 23.44° = 0.2902 / 0.3978 = 0.7295

అనగా మన ముందున్నది sin x = k అనే అతి సరళమైన త్రికోణమితీయ సమీకరణమే. కాలిక్యులేటర్‌పై విలోమ సైన్ మీట నొక్కితే 46.85° అని ఒకే ఒక జవాబు వస్తుంది. అది మే నెలలోని రోజుకు చెందినది. ఆగస్టు నెలలోని రోజు సంగతి గాని, గత సంవత్సరపు, రాబోయే సంవత్సరపు రోజుల సంగతి గాని కాలిక్యులేటర్ చెప్పదు. వాటిని రాబట్టడమే సాధారణ సాధన పని.

సైన్ సూత్రం ఎలా వచ్చినది

కాలిక్యులేటర్ ఇచ్చిన కోణాన్ని ప్రధాన విలువ అంటారు. సైన్‌కు ప్రధాన విలువను −π/2 నుండి π/2 వరకు గల అంతరంలో తీసుకోవడం సంప్రదాయం. దానిని α అందాం.

వ్యాసార్థం 1 గల వృత్తాన్ని తీసుకుంటే, దానిపై ఏ బిందువుకైనా సైన్ అంటే x-అక్షం నుండి ఆ బిందువు ఎత్తు. ఎత్తు k వద్ద అడ్డంగా ఒక గీత గీస్తే అది వృత్తాన్ని రెండు చోట్ల ఖండిస్తుంది. ఒకటి α వద్ద, రెండవది నిలువు అక్షానికి ఆవలి వైపున π − α వద్ద. ఒక చుట్టులో ఇవి రెండే. ఇక ఎన్ని పూర్తి చుట్లు తిరిగినా బిందువు అక్కడికే వస్తుంది కనుక సాధనలు రెండు వరుసలుగా ఏర్పడతాయి.

x = 2mπ + α

x = 2mπ + π − α = (2m + 1)π − α

మొదటి వరుసలో π కి సరిసంఖ్య గుణకం, α కి ధన గుర్తు ఉన్నాయి. రెండవ వరుసలో π కి బేసిసంఖ్య గుణకం, α కి ఋణ గుర్తు ఉన్నాయి. సరి అయితే ధనం, బేసి అయితే ఋణం అనే ఈ నియమాన్ని (−1)ⁿ ఒక్కటే నెరవేరుస్తుంది. కాబట్టి రెండు వరుసలను కలిపి

x = nπ + (−1)ⁿα, n ఏదైనా పూర్ణసంఖ్య

అని రాస్తారు. (−1)ⁿ ను ఒక వింత అలంకారంగా భావించి వదిలివేసే విద్యార్థులు ఉన్నారు. దానిని వదిలి nπ + α అని రాస్తే అది టాంజెంట్ సూత్రమవుతుంది, సగం జవాబులు తప్పుతాయి. అలాగే 2nπ + α అని రాస్తే తప్పు జవాబు ఏదీ రాదు కాని సగం జవాబులు పోతాయి. మన లెక్కలో ఆగస్టు రోజులన్నీ పోయినట్టే.

మిర్యాలగూడ సమీకరణానికి α = 46.85°. డిగ్రీలలో π స్థానంలో 180° రాసుకొని n కు వరుసగా విలువలు ఇస్తే ఇలా వస్తుంది.

n = −2: −360° + 46.85° = −313.15°
n = −1: −180° − 46.85° = −226.85°
n = 0: 46.85°
n = 1: 180° − 46.85° = 133.15°
n = 2: 360° + 46.85° = 406.85°
n = 3: 540° − 46.85° = 493.15°

లెక్క మొదలుపెట్టిన విషువత్తు 2025 మార్చి 20 నాటిది అనుకుంటే, n = 0 ఆ ఏటి మే రోజు, n = 1 ఆ ఏటి ఆగస్టు రోజు. n = 2, n = 3 అనేవి 2026 సంవత్సరపు జంట. ఋణ విలువలు అర్థం లేనివి కావు, అవి 2024 సంవత్సరపు జంట. −313.15° కి 360° కలిపితే 46.85°, −226.85° కి 360° కలిపితే 133.15° వస్తాయి కదా.

సాధనల నడుమ ఎడం ఒకే విధంగా లేకపోవడం కూడా ఇక్కడ గమనించవచ్చు. మే నుండి ఆగస్టుకు 86.3°, ఆగస్టు నుండి తరువాతి మే నెలకు 273.7°. ఒక చిన్న అడుగు, ఒక పెద్ద అడుగు, మళ్ళీ చిన్న అడుగు. (−1)ⁿ చేసేది ఈ పనే.

కోణం నుండి తేదీకి

కోణాలను తేదీలుగా మార్చేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. సూర్యుడు 365.25 రోజులలో 360° సమవేగంతో కదులుతాడని తీసుకుంటే 46.85° కి 47.5 రోజులు, 133.15° కి 135.1 రోజులు పడతాయి. 2025 మార్చి 20 నుండి లెక్కిస్తే ఇవి మే 6-7 తేదీల నడిరేయి ప్రాంతానికి, ఆగస్టు 2 కి చేరుతాయి. మొదటిది సరిపోయింది. రెండవది సరిపోలేదు, నిజానికి ఆ ఏడాది మిర్యాలగూడకు లెక్కకు వచ్చే రోజు ఆగస్టు 5. భూమి జూలై మొదటి వారంలో సూర్యునికి అత్యంత దూరంగా ఉండి నెమ్మదిగా కదలడమే దీనికి కారణం. ఆ మూడు నెలల్లో సూర్యుని కదలిక సగటున రోజుకు 0.96° మాత్రమే కనుక 86.3° దాటడానికి 90 రోజులు పడుతుంది. త్రికోణమితీయ సమీకరణం కోణాన్ని సరిగానే ఇచ్చింది, పొరపాటు కోణాన్ని రోజులుగా మార్చిన పద్ధతిది.

మే 7 న మిర్యాలగూడలో సూర్యుడు నడినెత్తికి వచ్చే సమయం భారత ప్రామాణిక కాలమానం ప్రకారం సుమారు 12 గంటల 8 నిమిషాలు. ఆగస్టు 5 న సుమారు 12 గంటల 18 నిమిషాలు. మే మొదటి వారంలో సూర్యుని క్రాంతి రోజుకు 0.27° చొప్పున పెరుగుతుంది. సూర్యాపేట అక్షాంశం 17.14°, అంటే మిర్యాలగూడ కంటే సరిగ్గా 0.27° ఎక్కువ. కనుక మే నెలలో సూర్యాపేటకు నీడ లేని రోజు ఒక రోజు ఆలస్యంగా, మే 8 న వస్తుంది. ఆగస్టులో సూర్యుడు దక్షిణానికి మరలుతుంటాడు కాబట్టి అక్కడ ఒక రోజు ముందుగా, ఆగస్టు 4 న వస్తుంది. కోదాడ అక్షాంశం సుమారు 17.0° కనుక ఆ ఊరు ఈ రెంటి నడుమ పడుతుంది. లీపు సంవత్సరాల వల్ల ఈ తేదీలు ఒక రోజు అటూ ఇటూ జరగవచ్చు. ఒక రోజు తేడా అయినా ఒక మీటరు కర్రకు నీడ 5 మిల్లీమీటర్లు మించదు కనుక కంటితో ఆ తేడా పట్టడం కష్టమే. ఆగస్టులో మబ్బుల వల్ల అసలు నీడే కనిపించకపోవచ్చు.

సాధన లేని ఊళ్ళు, ఒకే సాధన గల ఊళ్ళు

సైన్ విలువ −1 నుండి 1 వరకే ఉంటుంది. కనుక sin x = k లో k ఈ హద్దు దాటితే సమీకరణానికి వాస్తవ సాధన ఉండదు. ఢిల్లీ అక్షాంశం 28.6° తీసుకొని పై లెక్క చేస్తే sin λ = 1.20 అని వస్తుంది. లెక్కలో తప్పు వెతకనక్కరలేదు. ఢిల్లీలో సూర్యుడు ఏనాడూ నడినెత్తికి రాడని సమీకరణం చెబుతున్నది.

కర్కట రేఖపై ఉన్న ఊరికి sin λ = 1. అప్పుడు α = 90°. సూత్రంలో n = 0 వేస్తే 90°, n = 1 వేస్తే 180° − 90° = 90° వస్తాయి. అంటే రెండు వరుసలు కలిసిపోయి ప్రతి సాధన రెండుసార్లు వస్తున్నది. అందుచేత ఈ సందర్భంలో x = 2nπ + π/2 అని రాయడమే మేలు. భూమధ్యరేఖపై sin λ = 0, సాధన x = nπ. అవి విషువత్తులు, వాటి మధ్య ఎడం సమానం.

కొసైన్, టాంజెంట్

కొసైన్ అంటే వృత్తంపై బిందువు నిలువు అక్షం నుండి ఉన్న అడ్డు దూరం. నిలువు గీత వృత్తాన్ని అడ్డ అక్షానికి పైన α వద్ద, కింద −α వద్ద ఖండిస్తుంది. కాబట్టి cos x = k కు సాధారణ సాధన x = 2nπ ± α. ఇక్కడ ప్రధాన విలువ 0 నుండి π వరకు ఉంటుంది. టాంజెంట్ కేంద్రం గుండా పోయే గీత వాలు కనుక, ఆ గీత వృత్తాన్ని ఎదురెదురుగా ఖండిస్తుంది, సాధన x = nπ + α. k కు ఏ హద్దూ లేదు.

మిర్యాలగూడ లెక్కనే కొసైన్‌తోను చేయవచ్చు. కోణాన్ని మార్చి విషువత్తు నుండి గాక జూన్ అయనాంతం నుండి కొలుస్తూ దానిని y అందాం. y = λ − 90° కనుక sin λ = cos y అవుతుంది. అప్పుడు cos y = 0.7295, ప్రధాన విలువ 43.15°, సాధన y = 360°n ± 43.15°. అయనాంతానికి 43.15° ముందు ఒక రోజు, 43.15° తరువాత ఒక రోజు అని దీని అర్థం. 90° కలిపి చూస్తే అవే 46.85°, 133.15°. రెండు సూత్రాలు చూడడానికి వేరుగా ఉన్నా సాధనల సమితి ఒక్కటే. పుస్తకం వెనుక ఉన్న జవాబుతో తన జవాబు సరిపోలేదని విద్యార్థి కలవరపడే సందర్భాలలో చాలావరకు జరిగేది ఇదే. అప్పుడు రెంటిలోను n కు 0, 1, −1 వంటి విలువలు వేసి ఒక చుట్టులోని కోణాలను పోల్చితే విషయం తేలిపోతుంది.

సాధనలు పోవడం, అదనంగా రావడం

సమీకరణం రెండు వైపులను చలరాశి గల పదంతో భాగించినప్పుడు సాధనలు పోయే ప్రమాదమున్నది. sin 2x = cos x అనే సమీకరణంలో ఎడమవైపు 2 sin x cos x. రెండు వైపులా cos x తో భాగిస్తే sin x = 1/2 మాత్రమే మిగులుతుంది, ఒక చుట్టులో 30°, 150° దొరుకుతాయి. cos x సున్నా అయ్యే 90°, 270° వద్ద కూడా సమీకరణం నిజమే అయినా అవి కనిపించకుండా పోతాయి. సరైన పద్ధతి భాగించక కారణాంకాలుగా విడదీయడం.

cos x (2 sin x − 1) = 0

x = (2n + 1)π/2 లేదా x = nπ + (−1)ⁿπ/6

ఇదే సమీకరణాన్ని మరొక విధంగా cos x = cos(π/2 − 2x) అని రాసి కొసైన్ సూత్రం వాడితే x = 2nπ ± (π/2 − 2x) వస్తుంది. ధన గుర్తుతో 3x = 2nπ + π/2. ఇక్కడ 3 తో భాగించేటప్పుడు 2nπ ని కూడా భాగించాలి, x = 2nπ/3 + π/6. దీనినుండి ఒక చుట్టులో 30°, 150°, 270° వస్తాయి. ఋణ గుర్తు నుండి 90° వస్తుంది. మొత్తం ఆ నాలుగే. π/2 ని మాత్రమే 3 తో భాగించి 2nπ + π/6 అని రాసినవారికి 30° ఒక్కటే మిగిలి, 150°, 270° పోతాయి. కోణం 3x గా ఉంటే x ఒక చుట్టు తిరిగే లోపల 3x మూడు చుట్లు తిరుగుతుంది. ఒక చుట్టులోని జవాబులు మాత్రమే కోరిన ప్రశ్నలో కూడా సాధారణ సాధన లేనిదే పని జరగకపోవడానికి కారణం ఇదే. మొదట సాధారణ సాధన రాసి, తరువాత భాగించి, చివరన మాత్రమే 0 నుండి 2π వరకు ఉన్నవి ఏరుకోవాలి.

వర్గం చేసినప్పుడు దీనికి విరుద్ధంగా లేని సాధనలు వచ్చి చేరతాయి. sin x + cos x = 1 ను వర్గం చేస్తే 1 + sin 2x = 1, అంటే sin 2x = 0, x = nπ/2. ఒక చుట్టులో 0°, 90°, 180°, 270°. అసలు సమీకరణంలో వేసి చూస్తే మొదటి రెండే నిలుస్తాయి. 180°, 270° వద్ద ఎడమవైపు −1 అవుతుంది. అవి sin x + cos x = −1 అనే మరొక సమీకరణపు సాధనలు, వర్గం చేయడంతో గుర్తు భేదం చెరిగిపోయి ఇందులో చేరాయి. వర్గం చేయకుండా రెండు వైపులను √2 తో భాగిస్తే cos(x − π/4) = 1/√2 అవుతుంది. దీని నుండి x = 2nπ + π/4 ± π/4, అనగా x = 2nπ లేదా x = 2nπ + π/2. అదనపు సాధన ఒక్కటీ రాదు.

వర్గం చేయక తప్పని చోట వచ్చిన కోణాలను అసలు సమీకరణంలో వేసి సరిచూడాలి. సాధనలు అనంతమైనా ఈ పని ఒక పూర్తి ఆవర్తనంలోని కోణాలకు చేస్తే చాలు, మిగిలినవన్నీ వాటి పునరావృత్తులే. పై సమీకరణంలో ఆవర్తనం 2π కనుక నాలుగు కోణాలు పరీక్షించాలి. x = nπ/2 లో n = 0, n = 1 మాత్రమే పరీక్షించి, రెండూ సరిపోయాయి కనుక అన్నీ సరిపోతాయని ఆగితే తప్పు దొరకదు.